ఎముక విరిగింది, పిండికట్టు అక్కర్లేదు

పిల్లలు జారుడుబల్ల మీంచో, ఊయల మీంచో, పార్కులో వేలాడే ఇనుపకమ్మీల మీంచో పడినప్పుడు ముందుగా నేలకు ఆనేది అరచెయ్యి. పడుతున్నామని తెలియగానే చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంటుంది. ఒంటి బరువంతా అరచేతి మీద పడి, అక్కణ్నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి ముంజేతి ఎముకకు ఎక్కుతుంది. అప్పుడు బొటనవేలి వైపుండే రేడియస్ అనే ఎముక, మణికట్టుకు రెండు మూడు సెంటీమీటర్ల ఎగువన, ఆ ఒత్తిడికి నొక్కుకుపోయి పక్కకు కాస్త ఉబ్బుతుంది. దీన్ని డాక్టర్లు బకిల్ ఫ్రాక్చర్ అంటారు. ఎక్స్‌రే రిపోర్టులో కొన్నిసార్లు టోరస్ ఫ్రాక్చర్ అని రాస్తారు. పేర్లు రెండైనా దెబ్బ ఒకటే.

ఫ్రాక్చర్ అనే మాట చెవిన పడగానే మన కళ్ల ముందు మెదిలేది మోచేతి దాకా తెల్లటి పిండికట్టు, మెడకు వేలాడే పట్టీ, నెలన్నర సెలవు. ఈ దెబ్బకు వాటిలో ఏదీ తప్పనిసరి కాదు. ఇది దాదాపు ఎలా ఉంచినా అతికే ఎముక. ఇక్కడ ఇబ్బంది ఎముక వల్ల కంటే దాని మీద వేసిన కట్టు వల్లే ఎక్కువ వస్తుంది. అయితే ఇందులో ఒక షరతుంది. దెబ్బ నిజంగా బకిల్ ఫ్రాక్చరే అని ముందు తేలాలి.

ఒక ఎనిమిదేళ్ల పాప సంగతి చూద్దాం. బరువు 22 కిలోలు. శనివారం సాయంత్రం అపార్ట్‌మెంటు పార్కులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ చెయ్యి జారి, ఎడమ అరచేతి మీద పడింది. కాసేపు ఏడ్చి ఊరుకుంది. మణికట్టు వంకర పోలేదు, నల్లగా కమలలేదు, వాపు కూడా చూస్తే తెలిసీ తెలియనట్టుంది. వేళ్లన్నీ కదుపుతోంది. ఇంట్లో వాళ్లు బెణికిందనుకున్నారు. అమ్మమ్మ కొబ్బరినూనె వేడిచేసి మర్దన చేద్దామంటే పాప చెయ్యి ముట్టుకోనివ్వలేదు. మర్నాడు పొద్దున మంచం మీంచి లేస్తూ ఆ చేత్తో ఆనుకోబోయి కెవ్వుమంది. నీళ్లసీసా మూత తిప్పలేకపోయింది. అప్పుడు ఆసుపత్రికి బయల్దేరారు.

ఈ దెబ్బ ఇలాగే ఉంటుంది. చూడ్డానికి చిన్న బెణుకులా కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఒకటి రెండు రోజులు ఆగి చూస్తారు. ఆగినందువల్ల ఈ ఎముకకు పెద్ద నష్టం లేదు, కానీ మర్దన మాత్రం చెయ్యకూడదు. పిల్లల్లో మణికట్టు బెణకడం కంటే ఎముక దెబ్బతినడమే మామూలు. ఎందుకంటే వాళ్ల కీలు చుట్టూ ఉండే నరాల్లాంటి బంధనాలు ఎముక కంటే గట్టిగా ఉంటాయి. ఒక వేలితో మెల్లగా మోచేతి నుంచి మణికట్టు దాకా ఎముక వెంట నొక్కుతూ వస్తే, మణికట్టుకు కొంచెం పైన ఒకే ఒక్కచోట పిల్ల చెయ్యి లాగేసుకుంటుంది. అలా ఒకేచోట నొప్పి నిలబడి ఉంటే, ఆ చేత్తో బరువు ఆనలేకపోతుంటే, ఎక్స్‌రే తీయించాలి. మోచెయ్యి కూడా నొక్కి చూడటం మర్చిపోకూడదు. చాచిన చేతి మీద పడినప్పుడే మోచేతి దగ్గరి ఎముక కూడా విరుగుతుంది. అది తీవ్రమైన దెబ్బ, ఆగి చూడదగ్గది కాదు.

పెద్దవాళ్ల ఎముక అయితే ఇంతటి దెబ్బకు పటుక్కున విరుగుతుంది. పిల్లల ఎముకలో సన్నసన్నటి రంధ్రాలెక్కువ, ఖనిజాలు తక్కువ, అందుకే అది విరిగే ముందు చాలాదూరం వంగుతుంది, నలుగుతుంది. పైగా దాని మీద మందపాటి పొర ఒకటి తొడుగులా చుట్టుకుని ఉంటుంది. టీ తాగే పేపరు కప్పును బోర్లించి పైనుంచి అరచేత్తో నొక్కితే కాగితం చిరగదు, గోడ ఒకచోట ముడతపడి బయటికి పొంగుతుంది. రేడియస్ చివర జరిగేదీ అదే. ఎముక గోడ ముడతపడుతుంది కానీ తెగదు. అందుకే ముక్కలు పక్కకు జరగడమనే ప్రమాదం ఇక్కడ ఉండదు.

మళ్లీ పాప దగ్గరికి వద్దాం. ఎక్స్‌రే రెండు వైపుల నుంచీ తీశారు, ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి. ఫిలిం చూడగానే తండ్రి భయపడిపోయాడు. మణికట్టు దగ్గర ఎముకకు అడ్డంగా నల్లటి గీత కనిపించింది. అది విరుగు కాదు. పిల్లల ఎముక అక్కడే పెరుగుతుంది. ఆ పెరుగుదల పలక మెత్తటి మృదులాస్థితో తయారై ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలో పడదు, ఖాళీలా కనిపిస్తుంది. పెరిగే వయసులో ఉన్న ప్రతి పిల్లకూ ఉండేదే అది. అసలు దెబ్బ దానికి కాస్త ఎగువన ఉంది. పక్క నుంచి తీసిన ఫిలింలో, ముంజేతి వెనక వైపు ఎముక అంచు నున్నగా వస్తూ వస్తూ ఒకచోట చిన్న బొడిపెలా లేచి, మళ్లీ నున్నగా సాగిపోయింది. ఎదురుగా తీసిన ఫిలింలో అయితే అది దాదాపు కనపడనే లేదు. ఒకే వైపు నుంచి ఎక్స్‌రే తీసి "ఏమీ లేదు" అని పంపేస్తే ఈ దెబ్బ తప్పిపోయేది ఇలాగే.

డాక్టరు బొడిపెను చూసి అక్కడితో ఆగకూడదు. దానికి ఎదురు వైపున్న అంచును కూడా చివరిదాకా చూడాలి. ఒక అంచు ఉబ్బి, అవతలి అంచు చిట్లి ఉంటే అది బకిల్ ఫ్రాక్చర్ కాదు, గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్. అలాంటి ఎముక రోజులు గడిచేకొద్దీ వంగిపోవచ్చు. దానికి గట్టి కట్టు కావాలి, వారం తర్వాత మళ్లీ ఎక్స్‌రే కావాలి. గీత పెరుగుదల పలక దాకా పాకినా సంగతి వేరే. మొదటి చూపులో ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ దెబ్బ విషయంలో నిజమైన పొరపాటు జరిగేదీ ఇక్కడే, గ్రీన్‌స్టిక్‌ను బకిల్ అనుకుని వదిలేయడం. చెయ్యి బయటికే వంకరగా కనిపిస్తే మాత్రం ఇంత సందేహం అక్కర్లేదు, అది బకిల్ ఫ్రాక్చర్ కాదు.

పాప ఎక్స్‌రేలో రెండో అంచు శుభ్రంగా ఉంది. డాక్టరు తీసి కట్టుకునే రిస్ట్ స్ప్లింట్ రాసిచ్చారు. తల్లికి మనసు ఒప్పలేదు.

"విరిగిందంటున్నారు కదండీ, మరి పిండికట్టు వెయ్యరేంటి?"

"విరిగిన ముక్కలు జరక్కుండా పట్టుకోడానికి వేస్తామమ్మా పిండికట్టు. ఇక్కడ ముక్కల్లేవు. నొప్పి తెలియకుండా ఆసరా ఉంటే చాలు."

ఆ జవాబు వెనక చాలా పరీక్షలున్నాయి. బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 965 మంది పిల్లల మీద చేసిన ఫోర్స్ అనే పరిశోధన 2022లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. వాళ్లందరూ నాలుగు నుంచి పదిహేనేళ్ల లోపు వాళ్లు, అందరికీ మణికట్టు దగ్గర బకిల్ ఫ్రాక్చరే. సగం మందికి గట్టి కట్టో, స్ప్లింటో వేశారు. మిగతా సగానికి మామూలు గుడ్డ బ్యాండేజ్ ఇచ్చి, మళ్లీ రానక్కర్లేదని ఇంటికి పంపించారు. మూడో రోజున నవ్వుమొహం నుంచి ఏడుపుమొహం దాకా బొమ్మలు చూపించి, పదికి ఎంత నొప్పో చెప్పమంటే రెండు జట్ల సగటూ మూడు దగ్గరే తేలింది. ఆరువారాలకు చూస్తే చెయ్యి వాడకంలోనూ తేడా లేదు. అక్కడి జాతీయ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ అంతకు ముందే, 2016లోనే, ఈ దెబ్బకు గట్టి కట్టు వెయ్యొద్దని డాక్టర్లకు చెప్పింది. ఫోర్స్ పరిశోధనలో నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి ఉంది. మొదటి రోజున బ్యాండేజ్ జట్టు తల్లిదండ్రుల్లో తృప్తి కాస్త తక్కువగా ఉంది, ఆరువారాలు గడిచాక ఆ తేడా పోయింది. చిన్న కట్టు చూసి మనసు కుదుటపడకపోవడం మన దగ్గరే కాదు, ఎక్కడైనా అంతే.

పాపకు వేసిన స్ప్లింట్ అరచేతి మధ్య నుంచి ముంజేతి సగం దాకా వస్తుంది, లోపల ఒక రేకు, బయట వెల్‌క్రో పట్టీలు. వేళ్లు, మోచెయ్యి రెండూ ఖాళీగా ఉంటాయి. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులుండాలి. మొదటి రెండు మూడు రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా కింద దిండు పెట్టారు. నొప్పికి పారాసిటమాల్ సిరప్. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పిల్లలకు మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 22 కిలోల పాపకు 300 మిల్లీగ్రాములు సరిపోతుంది. 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే అది 6 మి.లీ. కానీ అదే పేరుతో 5 మి.లీ.లో 120 లేదా 125 మాత్రమే ఉండే సీసాలూ మందుల షాపులో దొరుకుతాయి. సీసా మీద అంకె చూసి కొలవాలి. రెండు మోతాదుల మధ్య కనీసం ఆరుగంటలు, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పాపకు మూడు రోజులే అవసరపడింది.

నాలుగో రోజు నుంచి బడికి వెళ్లింది. నొప్పి తగ్గాక స్నానానికి స్ప్లింట్ తీసి, తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. రెండో వారం చివరికి ఇంట్లో దాన్ని మర్చిపోయి తిరుగుతుంటే తల్లి కంగారుపడి ఫోన్ చేసింది. నొప్పి లేకపోతే తీసేసి ఉండటంలో తప్పులేదని డాక్టరు చెప్పారు. మూడువారాలకు పూర్తిగా వదిలేశారు. మళ్లీ ఎక్స్‌రే తియ్యలేదు. ముడతపడినచోట కొత్త ఎముక పేరుకోవడం అప్పటికే మొదలై ఉంటుంది, ఫిలింలో చూసినంత మాత్రాన చేసే వైద్యం మారదు. ఇంకో మూడువారాలు, అంటే దెబ్బ తగిలిననాటి నుంచి మొత్తం ఆరువారాలు, కమ్మీలకు వేలాడటం, స్కేటింగ్, కబడ్డీ లాంటివి వద్దన్నారు. ఎముక అతికినా అదే చేతి మీద మళ్లీ గట్టిగా పడితే తట్టుకునే బలం పూర్తిగా రావడానికి అంత సమయం పడుతుంది. నడక, పరుగు, బొమ్మలు గీసుకోవడం ఎప్పుడైనా చేసుకోవచ్చు. మణికట్టు మీద చేతికి తగిలే చిన్న గట్టితనం కొన్ని నెలలుండొచ్చు. పెరిగే ఎముక దాన్ని తనలో కలిపేసుకుంటుంది.

ఇంతా చెప్పాక కూడా మన ఊళ్లలో చాలామంది పిల్లలు పిండికట్టుతోనో, సగం కట్టు అనే స్లాబ్‌తోనో ఇంటికి వస్తారు. అది తప్పని అనను. ఎక్స్‌రేలో సందేహముంటే, పిల్లవాడు స్ప్లింట్ ఒక్క గంట కూడా ఉంచుకోని రకమైతే, కట్టు వెయ్యడమే మంచిది. అయితే కట్టు వేశాక బాధ్యత ఇంటివాళ్లది కూడా అవుతుంది.

పిండికట్టు కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది కానీ లోపలి తడి ఆరడానికి రెండు రోజులు పడుతుంది. గట్టిపడేటప్పుడు వెచ్చబడుతుంది, అందుకే దుప్పటి కప్పకుండా గాలి తగలనివ్వాలి. ఆ రెండు రోజులూ దాన్ని మంచం అంచు మీదో బల్ల మీదో ఆనిస్తే సొట్ట పడుతుంది, ఆ సొట్ట లోపల చర్మాన్ని నొక్కి పుండు చేస్తుంది. ఫైబర్ కట్టు అరగంటలో ఆరిపోతుంది, తడిసినా బయట చెడదు. కానీ లోపలి దూది తడిస్తే అదీ చెడ్డదే, చర్మం నాని పాడవుతుంది. స్నానానికి పాలిథిన్ కవరు తొడిగి, పైన టేపు అంటించి, చెయ్యి నీళ్లకు దూరంగా ఎత్తి పట్టుకోవాలి. కవరు నిలవాలని రబ్బరు బ్యాండు బిగించి మర్చిపోవద్దు.

అన్నిటికంటే ఎక్కువగా వేధించేది దురద. ఈనెపుల్ల, స్కేలు, పెన్సిలు, ఊలు సూది, ఏది అందితే అది లోపలికి దూరుస్తారు. లోపల గీసుకున్న చర్మం ఎవరికీ కనపడదు, చీము పట్టి వాసన వచ్చాకే తెలుస్తుంది. దురద పెడితే కట్టు మీద మెల్లగా తట్టాలి, హెయిర్ డ్రయర్ ఉంటే చల్లగాలి ఊదాలి. పౌడరు చల్లితే ముద్దకట్టి ఇంకా ఎక్కువవుతుంది.

ఇక అసలు భయపడాల్సింది బిగుతుకు. కట్టు వేసిన మొదటి రెండు రోజుల్లో వాపు పెరుగుతుంది, కట్టు మాత్రం సాగదు. పూటకోసారి వేళ్లు చూడాలి. గోరు నొక్కి వదిలితే తెల్లబడిన రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. పిల్ల గుప్పిట మూసి, తెరిచి, వేళ్లు విడదీసి చూపించగలగాలి. మందు వేసినా నొప్పి తగ్గకపోగా గంటగంటకూ పెరుగుతుంటే, వేళ్లు నీలంగానో పాలిపోయో చల్లబడితే, తిమ్మిరెక్కితే, మీరు వేలిని మెల్లగా నిటారు చెయ్యబోతే అరిస్తే, తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు చీల్పించాలి, లోపలి దూది కూడా చర్మం కనిపించేదాకా. రక్తం అందక కండరం చచ్చిపోవడానికి కొన్ని గంటలు చాలు, ఆ తర్వాత వేళ్లు జీవితాంతం ముడుచుకుపోతాయి.

వెదురుబద్దలు పెట్టి బిగించే నాటుకట్టులోని ప్రమాదమూ ఇదే. పిల్లల బకిల్ ఫ్రాక్చర్‌కు నాటుకట్టు వేయించుకుని బాగుపడినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్లు చెప్పేది నిజమే. ఈ ఎముక గుడ్డ చుట్టినా బాగుపడేదే కాబట్టి, ఎవరు కట్టినా పేరు వాళ్లకే వస్తుంది. కానీ ఎక్స్‌రే లేకుండా అది బకిల్ ఫ్రాక్చరో కాదో కట్టేవాళ్లకు తెలియదు, బిగుతు ఎక్కువైతే పోయేది చెయ్యి.

పిండికట్టు తీసే రంపం చప్పుడుకు పిల్లలు హడలిపోతారు. దాని పళ్లచక్రం గిర్రున తిరగదు, అటూ ఇటూ అదురుతుందంతే, అందుకే గట్టిదాన్ని కోస్తుంది కానీ మెత్తటి చర్మాన్ని మామూలుగా కొయ్యదు. ఎక్కువసేపు ఒకేచోట ఆనిస్తే మాత్రం వేడెక్కి కాలుతుంది. వేడిగా ఉందని పిల్ల చెబితే ఆపి చూడమనాలి. తీశాక చెయ్యి సన్నబడి, చర్మం పొట్టు లేచి, నూగు ఎక్కువై కనిపిస్తుంది. మణికట్టు కొన్నాళ్లు బిగుసుకుని ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో తనంతట తాను ఆడిస్తే వారం పదిరోజుల్లో వదులవుతుంది. ఎవరూ వంచి లాగొద్దు. స్ప్లింట్ పెట్టుకున్న పిల్లలకు ఈ బాధ దాదాపు ఉండదు.

ఈలోగా వంటింట్లో పథ్యం మొదలవుతుంది. గుడ్డు పెట్టొద్దు, పులుపు వద్దు, పెరుగు చలవ అంటారు. ఈ ఎముకకు ఏ పథ్యమూ అక్కర్లేదు, గుడ్డూ పెరుగూ మానిపిస్తేనే నష్టం. పాయా తాగిస్తే త్వరగా అతుకుతుందన్నదీ నమ్మకమే, ఇష్టమైతే తాగించండి. ఒక్కసారి పార్కులో పడి ఎముక ముడతపడితే ఎముకలు బలహీనమని కాదు. అదే చిన్న చిన్న దెబ్బలకే మళ్లీ మళ్లీ విరుగుతుంటే విటమిన్ డి పరీక్ష చేయించాలి. ఇంకా నడక రాని పసిపిల్లకు ఇలాంటి ఫ్రాక్చర్ కనిపిస్తే మాత్రం మామూలుగా తీసుకోకూడదు. ఎలా తగిలిందో డాక్టరు గుచ్చిగుచ్చి అడుగుతారు, అడగాలి కూడా.

మీ పిల్లకు బకిల్ ఫ్రాక్చర్ అని చెప్పినప్పుడు, ఆ గదిలోంచి లేచే ముందు డాక్టరును ఒక్కటి అడగండి: "రెండో వైపు అంచు కూడా చెక్కుచెదరకుండా ఉందా?" ఉంది అంటే స్ప్లింట్ చాలా అని అడగండి. లేదంటే కట్టు వేయించుకుని, మళ్లీ ఏ రోజు ఎక్స్‌రేకు రావాలో చీటీ మీద రాయించుకోండి.